ఉద్యోగ గ్యారంటీ కోర్సు: ఈఎంఐ కాగితాల మీద సంతకానికి ముందు

“బెంగళూరు మారతహళ్ళిలో ఒక సంస్థ 90,000 రూపాయల డేటా కోర్సుకు ఉద్యోగం రాకపోతే పూర్తి ఫీజు వాపసు అంటోంది. ఈఎంఐ కాగితాల మీద రేపే సంతకం చేయమంటున్నారు. చేయవచ్చా?”

రేపు చేయకండి. ముందుగా ఒప్పందం ప్రతిని ఈమెయిల్‌లో పంపమని అడగండి. పంపడానికి వెనుకాడితే అక్కడితో ఆగిపోవచ్చు. ప్రకటనలోని ‘గ్యారంటీ’ ఒప్పందంలోకి వచ్చేసరికి తరచుగా ‘ప్లేస్‌మెంట్ సహాయం’గా మారిపోతుంది. వాపసు నిబంధనలో రిజిస్ట్రేషన్ కింద 15,000 తిరిగి ఇవ్వబోమని ఉంటే, వారు చెప్పే పూర్తి వాపసు 75,000 మాత్రమే. ఏ ఊళ్ళోనైనా, ఎంత జీతానికైనా పిలిచిన ప్రతి ఇంటర్వ్యూకూ హాజరు కావాలన్న షరతు ఉంటే, ఒక్కటి తప్పినా వాపసు హక్కు పోవచ్చు.

అసలు చిక్కు ఈఎంఐలో ఉంది. అది సాధారణంగా సంస్థకు కట్టే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. ఫీజు సంస్థకు ముందే చేరిపోతుంది కాబట్టి, మీరు రెండో నెలలో మానేసినా 12 నెలల పాటు నెలకు 7,500, వడ్డీ ఉంటే అదీ కలిపి, కట్టవలసిందే. కట్టకపోతే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. అందువల్ల అప్పు వివరాల పత్రంలో వార్షిక వడ్డీతో పాటు ‘కూలింగ్ ఆఫ్’ గడువును చూడండి. డిజిటల్ రుణమైతే ఆ గడువులోపు అసలు, అన్నాళ్ళ వడ్డీ చెల్లించి, జరిమానా లేకుండా బయటపడవచ్చు. కొన్నిచోట్ల అది ఒక్క రోజే.

ర్యాంకు, ఉద్యోగం గ్యారంటీ అని కోచింగ్ సంస్థలు ప్రకటించరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. కనుక ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచుకోండి, కౌన్సెలర్ నోటిమాటను ఈమెయిల్‌లో రాయించుకోండి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు అవే మీ ఆధారాలు.