అప్పన్న చందనం, షాపు తరుగు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన అక్షయ తృతీయ శుభాకాంక్షల నమూనాలు మూడూ చదివాను. మూడోది చదివాక మిగతా రెండింటి మీద మనసు నిలవలేదు. "అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారే! తరుగు లేని బంగారం కూడా ఏడాదికి ఒక్కసారే! త్వరపడండి!" అని రాశావు. పైన చందనం లేని స్వామి బొమ్మ, కింద షాపు ఫోను నంబరు. నీకు మాట తిప్పడం వచ్చు, కాదనను. ఈ మాటను మాత్రం ఇటు తిప్పకుండా ఉండాల్సింది.

వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో ఏం జరుగుతుందో ఈ ఊరివాడివి, నీకు చెప్పనక్కర్లేదు. ఏడాది పొడవునా చందనంలో ఉండే వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆ ఒక్క రోజు నిజరూపంలో కనిపిస్తాడు. జనం ముందురోజు రాత్రి నుంచే వరుసలో నిలబడతారు. చంకలో పిల్లలతో వస్తారు, కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఇంత చేసి లోపల దొరికేది కొన్ని క్షణాలు. ఆ రాత్రి సహస్ర ఘటాభిషేకం చేసి మళ్లీ చందనం పూస్తారు. ఆ చందనమైనా ఒక్కసారిగా పూర్తి కాదు. ఆ రోజు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగులు. "ఏడాదికి ఒక్కసారే" అన్న మాట వెనక ఇంత ఉంది. నువ్వు దాన్ని తీసుకెళ్లి తరుగు తగ్గింపుకు తగిలించావు. నగ చేసేటప్పుడు పోయే బంగారానికి షాపువాడు వేసే లెక్క తరుగు. ఆయన తలచుకుంటే శ్రావణమాసంలోనూ తగ్గిస్తాడు, ధనత్రయోదశికీ తగ్గిస్తాడు. కొనేవాళ్లకు ఆ సంగతి తెలుసు. అంటే నిజంగా ఏడాదికి ఒక్కసారే జరిగేదాని పక్కన, ఎప్పుడైనా జరగగలిగేదాన్ని నిలబెట్టి రెండూ ఒకటే అన్నావు. భక్తుడికి నొప్పి కలిగేది అక్కడే. నొప్పి కలగనివాడు కూడా ఈ షాపు అవకాశం కోసం కాచుకుని ఉందనుకుంటాడు.

నేను ఇన్నేళ్లుగా పట్టుకుని ఉన్న నియమం ఒకటే. శుభాకాంక్షలూ అమ్మకమూ ఒకే కాగితం మీద ఉండకూడదు, ఒకే రోజు రాకూడదు. చాలామంది దీన్ని చాదస్తం అన్నారు. నేను పనిచేసిన ఒక ప్రకటనల సంస్థలో పెద్దాయన "శుభాకాంక్షలకు ఎవరు డబ్బిస్తారయ్యా" అని నా కాగితాలు వెనక్కి తోసేవాడు. ఆయనకు అప్పుడు చెప్పిన జవాబే నీకూ చెబుతాను, షాపు యజమాని నిన్నూ ఇదే అడుగుతాడు గనుక. అక్షయ తృతీయకు బంగారం కొనేవాళ్లలో చాలామంది ఆ రోజు పొద్దున నిర్ణయం తీసుకోరు. షాపులు ముందుగానే అడ్వాన్స్ బుకింగ్ తెరుస్తాయి. జనం ధర చూసుకుని, కొంత డబ్బు కట్టి, నగ ఎంచుకుని పెట్టుకుంటారు. పండుగనాడు వచ్చి తీసుకెళతారు. కాబట్టి తరుగు, మజూరీ, గ్రాముకు ఎంత తగ్గింపు అన్నవన్నీ వారం ముందే, సూటిగా, దేవుడి ప్రసక్తి లేకుండా ప్రకటించు. అది నిజాయితీ గల వ్యాపారం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పండుగనాడు వచ్చే మాటలో ఇక అమ్మకం అవసరం ఉండదు, కాబట్టి దాన్ని తీసేస్తే యజమానికి నష్టమూ ఉండదు.

రెండూ కలిసిపోయాయో లేదో తెలుసుకోవాలంటే క్రియలు చూడు. త్వరపడండి, విచ్చేయండి, సొంతం చేసుకోండి, సంప్రదించండి. వీటిలో ఒక్కటి ఉన్నా అది ప్రకటనే, పైన ఎన్ని దీపాలు వెలిగించినా సరే. తర్వాత షాపు పేరు ఎక్కడుందో చూడు. నీ రెండో నమూనాలో "మీ నమ్మకానికి చిరునామా అయిన మా సంస్థ మీకు అక్షయమైన సంపదలు కోరుకుంటోంది" అని ఉంది. అందులో సగం సంస్థ తన గురించి చెప్పుకోవడమే. పేరు వాక్యంలోకి రాకూడదు, ఉత్తరం కింద సంతకంలా చివర ఉండాలి.

ఇప్పుడు నీ మూడో నమూనానే తీసుకుని తిరిగి రాద్దాం. మొదట స్వామి బొమ్మ తీసెయ్. గర్భాలయంలో ఫొటోలు తీయనివ్వరు. జనం కాళ్లరిగేలా నిలబడి చూసే రూపాన్ని నువ్వు ఊహించి గీయించి వాట్సాప్‌లో పంచిపెట్టడం ఏం మర్యాద? పైగా పత్రికలో వేసిన బొమ్మ మర్నాటికి పొట్లం అవుతుంది. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని చేతిలో కాగితం విప్పితే నూనె మరకల మధ్య దేవుడి ముఖం కనిపించడం నేను చూశాను. కొన్నావిడ దాన్ని పారేయలేక, మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఆ ఇబ్బంది ఆవిడకు తెచ్చిపెట్టింది ఆ ప్రకటన రాసినవాడే. బొమ్మ కావాలంటే ఒక సజ్జలో సింహాచలం సంపెంగలు వెయ్యి. ఈ ఊళ్లో ఆ పువ్వు చూస్తే కొండ గుర్తుకు రానివాళ్లు ఉండరు.

మాట ఇలా ఉండొచ్చు: "సింహగిరికి వెళ్తున్నవారికి, ఇంట్లోనే పండుగ చేసుకుంటున్నవారికి అక్షయ తృతీయ శుభాకాంక్షలు." కింద చిన్న అక్షరాల్లో షాపు పేరు, వీధి పేరు. అంతే. "మనమందరం" అని రాయలేదు చూడు. షాపుకు వచ్చేవాళ్లందరిదీ ఈ పండుగ కాదు. ఎవరు చేసుకుంటున్నారో వాళ్లకే చెబితే మిగతావాళ్లను లాగినట్టూ ఉండదు, వదిలేసినట్టూ ఉండదు. నీ మొదటి నమూనాలో ఉదకుంభ దానం గురించి రాశావు, నాకు నచ్చింది. ఆ రోజు నీళ్లకుండ దానమివ్వడం బంగారం ప్రకటనలకన్నా చాలా పాత ఆచారం. కానీ "దానం చేయండి" అని షాపు జనానికి చెప్పకూడదు. కొండ కింద షాపే చలివేంద్రం పెడితే, ఎక్కడ పెట్టారో ఒక్క ముక్కలో రాయి. పెట్టకపోతే ఆ మాటే వద్దు.

తమ్ముడూ, ఇంకో సంగతి ఉంది. నాకు కోపం రావడానికి అసలు కారణం కూడా అదే. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాడు తెల్లవారకముందే సింహాచలంలో గోడ కూలి, వరుసలో ఉన్న ఏడుగురు చనిపోయారు. పొద్దున్నే ఊరంతా ఆ వార్తే. అదే పొద్దున నా ఫోనుకు నగల షాపుల శుభాకాంక్షలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సంబరాలు, బంపర్ ఆఫర్లు, త్వరపడండి. వాటిని పంపినవాళ్లు దుర్మార్గులని నేను అనను. ముందురోజే సమయం పెట్టి వదిలేశారు, పొద్దున ఎవరూ చూసుకోలేదు. అందుకే సందేశం తనంతట తాను వెళ్లేలా ఎప్పుడూ పెట్టించకు. ఆ పొద్దున ఒక మనిషి లేచి, వార్తలు చూసి, తన చేత్తో పంపాలి. అది ఎవరో ముందే పేరుతో సహా రాసి పెట్టుకోండి. ఆపాల్సి వస్తే యజమానిని నిద్ర లేపే అధికారం ఆ మనిషికి ఉండాలి. హోర్డింగునూ అచ్చయిన పత్రికనూ ఎలాగూ ఆపలేవు. కాబట్టి వాటి మీద వేసే ప్రతి వాక్యాన్నీ, అలాంటి పొద్దున కూడా ఇది ఊరి మధ్య నిలబడగలదా అని అడిగి చూడు. సంపెంగల బొమ్మ కింద ఆ ఒక్క వాక్యం నిలబడుతుంది. నీ మూడో నమూనా నిలబడదు.

2014లో నాకు ఇలాంటి పరీక్షే వచ్చింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, 23న దీపావళి. వీధుల పక్కన కూలిన చెట్లు ఎండి పడి ఉన్నాయి. ఒక ఇన్వర్టర్ల షాపు యజమాని "చీకటిని జయించండి, ఈ దీపావళికి ఇంటికో ఇన్వర్టర్" అని రాయమన్నాడు. సరుకు అవసరమైనదే, అబద్ధం కూడా లేదు. అయినా రాయనన్నాను. కరెంటు లేక పసిపిల్లలకు విసనకర్రలు విసురుతూ రాత్రులు గడిపినవాళ్లకు ఆ చీకటిని గుర్తుచేసి ధర చెప్పడం నా వల్ల కాదన్నాను. ఏజెన్సీలో నా మీద అరిచారు, ఆ నెల జీతంలో కోత పెట్టారు. కానీ ఆ యజమాని తుఫాను తర్వాత తన వరండాలో ప్లగ్గులు పెట్టి వీధివాళ్ల ఫోన్లు ఛార్జ్ చేయిస్తున్నాడని మాటల్లో తెలిసింది. దాన్ని గొప్పగా చెప్పుకుందామన్నాడు. అదీ వద్దన్నాను. చివరికి షాపు తలుపు మీద అంటించింది ఇది: "దీపావళి శుభాకాంక్షలు. ఈ రోజు షాపుకు సెలవు. ఫోన్లు ఛార్జ్ చేసుకోవడానికి వరండా తెరిచే ఉంటుంది." మేం ఇంత చేశాం అని లేదు, రావాల్సినవాళ్లకు అవసరమైన కబురు మాత్రమే ఉంది. చేసిన సాయం గురించి రాయవలసి వస్తే ఈ తేడా పట్టుకో.

నువ్వు జత చేసిన ఏడాది పట్టికలో "మొహర్రం శుభాకాంక్షలు", "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు" అని ఉన్నాయి. రెండూ కొట్టెయ్. ఒకటి కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైన రోజులను తలచుకునే సమయం, రెండోది ఏసు శిలువ మీద ప్రాణం విడిచిన రోజు. ఆ రోజుల్లో షాపు మౌనంగా ఉంటే ఎవరూ తప్పుపట్టరు. రంజాన్ పండుగకు తేదీ ముందే వేసేశావు. నెలవంక కనిపించిందని తెలిశాకే పండుగ, అప్పుడే సందేశం. షాపు లోగోలో సున్నాను నెలవంకగానూ, దీపావళికి ప్రమిదగానూ మార్చే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది, దాని జోలికి పోకు. అది పండుగను షాపు పేరుకు అలంకారం చేయడమే.

పారితోషికం ఎంత అడగాలి, హ్యాష్‌ట్యాగులు ఎన్ని పెట్టాలి అని రాశావు. వాటికి ఇప్పుడు జవాబు రాయలేను.

మూడో నమూనా యజమానికి ఇంకా చేరకపోతే అక్కడే ఆపు. చేరి ఉంటే ఫోనులో చెప్పకు, షాపుకు వెళ్లు. తరుగు ప్రకటన వారం ముందే వేద్దామని మొదట చెప్పు, ఆయన స్థిమితపడతాడు. ఆ తర్వాత కొత్త వాక్యం చేతికివ్వు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య