హాడ్జ్‌కిన్ లింఫోమా: స్టేజ్ తేలకముందే స్టెరాయిడ్ మాత్రలా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. మెడలో గడ్డ వస్తే సూది టెస్టులో ఏం లేదన్నారు, తర్వాత గడ్డ తీసి బయాప్సీ చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అని వచ్చింది. రెండు న్యూక్లియస్‌లున్న పెద్ద కణాలు అక్కడక్కడా ఉన్నాయి, మిగతాదంతా ఇన్‌ఫ్లమేషన్ అని రాశారు. అంటే క్యాన్సర్ కొంచెమేనా? సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉండేవి, నాలుగు నెలల్లో 64 కిలోల నుంచి 56కి వచ్చాడు. తెలిసినాయన ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వారం నుంచి వేస్తున్నాం, జ్వరం పోయింది, గడ్డలు తగ్గాయి. పెట్ సీటీ ఇంకా తీయించలేదు. మా బావగారికి వేరే లింఫోమాకి బోన్ మ్యారో టెస్ట్ చేశారు, మావాడికి అక్కర్లేదంటున్నారు, ఎందుకు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బోన్ మ్యారో సంగతి తర్వాత చెప్తానండి, ముందు ఆ మాత్రల విషయం మీ ఆంకాలజిస్టుకి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తారీఖున మొదలెట్టారు, అన్నీ చెప్పి స్ట్రిప్ ఫొటో పంపండి. ఆపాలా, ఎలా ఆపాలి అనేది ఆయనే నిర్ణయించాలి, అబ్బాయిని చూడకుండా నేను ఇక్కడ రాయకూడదు.

క్యాన్సర్ కొంచెమే అనుకోవద్దు. ఆ రెండు న్యూక్లియస్‌ల పెద్ద కణాల్ని రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలంటాం, అసలు క్యాన్సర్ అవే. ఈ జబ్బులో అవి మామూలుగానే గడ్డలో ఒక శాతం చుట్టుపక్కల ఉంటాయి, మిగతాదంతా లింఫోసైట్లు, ఇసినోఫిల్స్, ప్లాస్మా కణాల లాంటి రక్షణ కణాలే. వాటిని పిలిపించుకునేది కూడా ఆ పెద్ద కణాలే, రకరకాల కెమికల్ సిగ్నల్స్ వదులుతాయి, వచ్చిన రక్షణ కణాలు తమ మీద దాడి చెయ్యకుండా అడ్డుకుంటాయి కూడా. వేరే లింఫోమాల్లో, ఉదాహరణకి పెద్ద బి-సెల్ రకంలో, గడ్డంతా క్యాన్సర్ కణాలే గుంపులుగా నిండి ఉంటాయి. సూది టెస్టులో ఏం లేదని రావడం కూడా దీనివల్లే అయ్యుండొచ్చు, సూదికి చుట్టూ ఉన్నవే వస్తాయి, అసలువి దొరకవు. గడ్డ మొత్తం తీసి బయాప్సీ చెయ్యడమే కరెక్ట్.

స్టెరాయిడ్‌కి గడ్డ తగ్గిందంటే ఆ చుట్టూ ఉన్న లింఫోసైట్లు తగ్గడం కూడా ఒక కారణం, పెద్ద కణాలు పోయాయని కాదు. జ్వరం, చెమటలు కూడా ఆ సిగ్నల్స్ వల్లే వస్తాయి, మాత్ర వాటిని అణిచేస్తుంది. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే, ఎందుకంటే స్టేజింగ్‌లో వాటిని లెక్కేస్తాం. 38 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం, బట్టలు తడిసే రాత్రి చెమటలు, ఆరు నెలల్లో పది శాతం కంటే ఎక్కువ బరువు తగ్గడం, వీటిలో ఒక్కటున్నా స్టేజ్ నంబర్ పక్కన బి అని రాస్తాం. మీవాడికి 64లో పది శాతం అంటే 6.4 కిలోలు, తగ్గింది 8, కాబట్టి జ్వరం ఇప్పుడు లేకపోయినా బరువు ఒక్కటే చాలు. ఎవరో అడిగితే "జ్వరం లేదండీ" అని చెప్పేసి స్టేజ్ రెండు బి కాస్తా, ఈ లక్షణాలు లేవని అర్థమొచ్చే రెండు ఏ అయిపోతే ఇచ్చే కీమో సైకిల్స్ లెక్క, రేడియేషన్ నిర్ణయం మారిపోవచ్చు. పెట్ సీటీ స్కాన్‌లో క్యాన్సర్ ఉన్నచోట కనిపించే వెలుగు కూడా స్టెరాయిడ్ వల్ల తగ్గొచ్చు, గుంటూరులో అయినా విజయవాడలో అయినా ఎక్కడ తీయించినా టెక్నీషియన్‌కీ రేడియాలజిస్టుకీ ఇదంతా ముందే చెప్పండి, స్కాన్ ఎప్పుడు తీయాలో ఆంకాలజిస్టుని అడగండి, నెలాఖరు దాకా మీ అంతట మీరు ఆగొద్దు.

స్టేజ్ అంటే జబ్బు ఎక్కడెక్కడ ఉందనేది. ఒక్క చోట లింఫ్ గ్రంథుల్లోనే ఉంటే ఒకటి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరానికి పైనే గానీ కిందే గానీ రెండు మూడు చోట్ల ఉంటే రెండు, రెండు వైపులా ఉంటే మూడు, లివర్, ఎముకల్లోని మూలుగ అంటే బోన్ మ్యారో లాంటి వాటిలోకి వ్యాపిస్తే నాలుగు. హాడ్జ్‌కిన్ ఎక్కువగా వరసగా నడుస్తుంది, మెడ నుంచి ఛాతీలోకి, అక్కణ్ణుంచి పొట్ట పైభాగంలోకి, స్ప్లీన్‌కి. వేరే లింఫోమాలు చాలావరకు ఎక్కడెక్కడికో దూకుతాయి, పేగు, చర్మం, మ్యారో, ఏదైనా కావచ్చు. అందుకే మీ బావగారికి మ్యారో తీసుంటారు, కొన్ని నెమ్మది రకాలు మ్యారోలో ఉన్నా పెట్‌లో కనబడకపోవచ్చు. హాడ్జ్‌కిన్‌లో పెట్ సీటీ బాగా తీస్తే మామూలుగా విడిగా మ్యారో బయాప్సీ అవసరం పడదు, లింఫోమా స్టేజింగ్ కోసం నిపుణులిచ్చిన 2014 లుగానో సిఫార్సుల్లో అదే చెప్పారు. మీ డాక్టరు చెప్పింది సరైనదే.

ఛాతీలో గ్రంథులు పెద్దవిగా ఉంటే పడుకున్నప్పుడు ఆయాసం, ముఖం మెడ ఉబ్బడం రావొచ్చు, అలాంటిదేదైనా కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. బయాప్సీ బ్లాక్, స్లైడ్లు, ఆ పెద్ద కణాల్ని గుర్తుపట్టే సీడీ30, సీడీ15 పరీక్షల రిపోర్టు, మాత్రలు మొదలెట్టకముందు రాసుకున్న బరువు, జ్వరం రీడింగులు దగ్గర పెట్టుకోండి. ఇకమీదట ఆ తెలిసినాయన ఏది ఇచ్చినా, నొప్పి మాత్రైనా సరే, ఆంకాలజిస్టుకి చెప్పకుండా ఇవ్వొద్దు.