"మొత్తం పెయింటింగ్" అని రాయకు

ఒరేయ్ రమణా,

ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ వాళ్లకి నువ్వు పంపబోయే కొటేషన్ చూశాను. "బయట గోడలు మొత్తం పెయింటింగ్, లక్షన్నర" అని ఒక్క లైను. అలా పంపకు.

ఆ "మొత్తం" అనే మాట నన్ను ఒకసారి ముంచింది. లాసన్స్ బే దగ్గర ఒక బిల్డింగ్‌లో సన్‌షేడ్ల కింద పాత రంగు గీకుతుంటే పెచ్చులు ఊడిపడ్డాయి, చూస్తే లోపల ఊచలు తుప్పుపట్టి ఉబ్బిపోయున్నాయి. మన వైజాగ్ సముద్రపు గాలిలో ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచకి తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన ఊచ లావెక్కి పైనున్న కాంక్రీటుని తోసేస్తుంది. ఓనరు నా కాగితమే చూపించి "మొత్తం అన్నారుగా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రిపేరంతా నా జేబులోంచే పెట్టుకున్నాను.

అందుకే రేటు చెప్పేముందు వెళ్లి చూడు. సుత్తితో సన్‌షేడ్ల అడుగున మెల్లగా కొట్టు, డొల్లగా మోగిన చోటల్లా చాక్‌పీసుతో గీసి ఫోటో తియ్యి. తర్వాత ఇలా రాయి, మాటవరసకి: గోడలు 6,400 చదరపు అడుగులు, గీకడం, సన్న పగుళ్లు పూడ్చడం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, పరంజాతో కలిపి అడుగుకి 22 రూపాయలు, అంటే 1,40,800. నీకు జీఎస్టీ నంబరుంది కాబట్టి 18 శాతం, 25,344, విడిగా చూపించు, మొత్తం 1,66,144. ఆ కిందనే "ఇందులో లేనివి" అని పెట్టి, తుప్పు ఊచల రిపేరు, గ్రిల్స్, టెర్రస్ లీకేజీ రాయి. ఊచల రిపేరుకి మాత్రం అడుగుకి ఇంత అని రేటు ఇచ్చేయి, గీకాక అసోసియేషన్ మనిషిని పక్కన పెట్టుకునే కొలుస్తామని కూడా రాయి. అది ఎంతవుతుందో గీకితేగానీ ఎవరికీ తెలీదు, ఆ మాట వాళ్లకి ముందే తెలిస్తే తర్వాత గొడవుండదు.

కొటేషన్ రేటుకి గడువు 30 రోజులు చాలు, కానీ "30 రోజులు" అని వదిలేయకుండా తేదీ వెయ్యి. అపార్ట్‌మెంట్ వాళ్లు మీటింగులు పెట్టుకుని నాలుగు నెలలకి ఫోన్ చేస్తారు, అప్పటికి డబ్బా రేటు మారిపోయుంటుంది.

డబ్బులు తేదీలతో ముడిపెట్టకు, వానొస్తే నీ తేదీలన్నీ పోతాయి. కంటికి కనిపించే పనితో ముడిపెట్టు. సామాను దిగే ముందు 40 శాతం, ప్రైమర్ అయ్యాక 30, రెండో కోటు అయ్యాక 20. మిగతా 10 వాళ్లతో కలిసి తిరిగి చూసి, మచ్చలు సరిచేసిన వారంలోపు. పరంజా విప్పకముందే ఆ చూడటం అయిపోవాలి, విప్పాక మూడో అంతస్తులో మచ్చ చూపిస్తే మళ్లీ కట్టాల్సింది నువ్వే.

సెక్రటరీగారు ఫోన్లో సరేనన్నా పని మొదలుపెట్టకు, ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిన కాపీ తీసుకో. రేపు పొద్దున్నే ఎండెక్కకముందు వెళ్లి కొలతలు తీసుకుని రా, సాయంత్రం కూర్చుని రాద్దాం.

మీ మావయ్య