అప్పగింత రోజు విద్యుత్ మాన్యువల్‌లో ముందుండాల్సిన పేజీలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంటును వచ్చే నెల సంఘానికి అప్పగిస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అంతస్తుల డీబీల దాకా నిర్వహణ మాన్యువల్‌లో ఏమేమి ఉండాలి, ఏ వరుసలో?

మొదటి పేజీలో కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో గీతల్లో చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్ ఉండాలి. టెండరు నాటిది పనికిరాదు, కట్టాక ఉన్నది ఉన్నట్టు గీసినదే కావాలి. ప్యానెల్ మీది ఫీడరు పేరు, బొమ్మలోని పేరు, కేబుల్‌కు కట్టిన ట్యాగు మూడూ కలవాలి. సంతకం పెట్టే ముందు ప్యానెల్ గదిలోనే సరిచూసుకోండి.

రెండోది బ్రేకర్ల సెట్టింగుల పట్టిక. ఇది లేక నేను చూసుకునే భవనం పది రోజుల్లో మూడుసార్లు చీకటైంది. అక్కడ ఉన్నది 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, భవనమంతటికీ కలిపి 800 ఆంపియర్ల మెయిన్ బ్రేకరు, అంటే ఏసీబీ. మూడుసార్లూ ఏసీబీ మీద, కరెంటు నేలలోకి పోతోందని చెప్పే ఎర్త్ ఫాల్ట్ లైటే వెలిగింది. మాకిచ్చిన నాలుగు ఫైళ్లనిండా కేటలాగులే తప్ప సెట్టింగు ఎంతో ఎక్కడా లేదు. ఎర్త్ ఫాల్ట్ డయల్ చూస్తే 0.2 మీద ఉంది, అంటే 800లో 0.2 వంతు, 160 ఆంపియర్లు. ఆలస్యం 0.1 సెకను. అసలు లోపం సంపు మోటారుది, వైండింగులోకి నీరు చేరింది. దాని ఫీడరులో ఉన్న 63 ఆంపియర్ల చిన్న బ్రేకరు, అంటే ఎంసీసీబీ, 630 ఆంపియర్లు దాటితేనే తక్షణం పడుతుంది. 160కీ 630కీ మధ్య కరెంటు నేలలోకి పారితే ఎంసీసీబీ వేడెక్కి పడేలోపే పైనున్న ఏసీబీ పడిపోయి భవనమంతా ఆగేది. మోటారు ఫీడరుకు ఎర్త్ లీకేజ్ రిలే పెట్టించాం. డిజైన్ ఇంజినీరు లెక్క చూసి ఏసీబీ ఆలస్యాన్ని 0.4 సెకన్లకు మార్చారు. తర్వాత ఒకసారి మోటారు మళ్లీ పాడైనప్పుడు దాని ఫీడరొక్కటే పడింది. అందుకే ప్రతి బ్రేకరుకూ డయల్ విలువ, అది ఎన్ని ఆంపియర్లో, ఆలస్యమెంతో, ఎవరు ఎప్పుడు పెట్టారో రాయించండి.

మూడోది సరఫరా తీసే, ఇచ్చే క్రమం. ఇందులో జనరేటర్ సంగతి తప్పకుండా ఉండాలి. హెచ్‌టీ వైపు సరఫరా తీయగానే, ఆటోలో ఉన్న జనరేటర్ దానంతట అదే స్టార్ట్ అయి బస్‌బార్‌కు కరెంటు పంపవచ్చు. ముందు దాన్ని ఆటో నుంచి తప్పించి, బ్రేకరుకు తాళం వేసి, టెస్టరుతో చూశాకే చేయి పెట్టాలని వరుసగా రాసి, అదే కాగితాన్ని ప్యానెల్ గది గోడకూ అంటించాలి.

నాలుగోది పరీక్షల తొలి రీడింగులు: కేబుళ్ల ఇన్సులేషన్ ఎలా ఉందో చెప్పే మెగ్గర్ విలువలు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్ష, ఒక్కో ఎర్త్ పిట్‌ను విడదీసి కొలిచిన నిరోధం. ఎర్త్ పిట్‌కు నెల పేరు కూడా కావాలి. నేల ఎండే కొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టి వానాకాలపు రీడింగును ఏప్రిల్ రీడింగుతో పోల్చితే పిట్ చెడిందనే అనుకుంటారు.

నెలవారీ, ఏడాది పనుల పట్టిక, విడిభాగాల జాబితా, వారంటీలు ఆ తరువాత. కేటలాగులు చిట్టచివర వేరే ఫైలులో ఉంటే చాలు.