సిలికాన్‌లో బంగారం: డీప్ ట్రాప్‌ల పని తీరు

ప్రశ్న: ఫాస్పరస్ కలిపినా పెద్దగా తగ్గని క్యారియర్ లైఫ్‌టైమ్, అంతే మోతాదు బంగారం కలిస్తే ఎందుకు పడిపోతుంది? రెండూ మలినాలే కదా?

జవాబు: తేడా అంతా ఆ మలినం ఏర్పరిచే శక్తి స్థాయి బ్యాండ్‌గ్యాప్‌లో ఎక్కడ ఉందన్న దానిలోనే ఉంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్, హోల్ నేరుగా కలవడం చాలా అరుదు. ఎందుకంటే కండక్షన్ బ్యాండ్ అడుగున ఉన్న ఎలక్ట్రాన్‌కూ వేలెన్స్ బ్యాండ్ పైభాగాన ఉన్న హోల్‌కూ ద్రవ్యవేగం పొసగదు. అందువల్ల మధ్యలో ఏదైనా ట్రాప్ ఉంటే రీకాంబినేషన్ దాని మీదుగానే ఎక్కువగా జరుగుతుంది. 1952లో షాక్లీ, రీడ్ కలిసి, హాల్ విడిగా వివరించిన విధానం ఇదే.

ట్రాప్ పని పూర్తి కావాలంటే, అది ముందు ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకుని, అది తప్పించుకునేలోగా ఒక హోల్‌ను కూడా పట్టుకోవాలి. ఫాస్పరస్ స్థాయి కండక్షన్ బ్యాండ్‌కు కేవలం 0.045 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల కింద ఉంటుంది; గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణ శక్తి 0.026 కనుక, అక్కడ చిక్కిన ఎలక్ట్రాన్ హోల్ వచ్చేలోపే తిరిగి పైకి వెళ్లిపోతుంది. బంగారం యాక్సెప్టర్ స్థాయి మాత్రం సుమారు 0.54 లోతున, అంటే 1.12 గ్యాప్‌కు దాదాపు నడిమధ్యన ఉంటుంది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ పైకి తిరిగి వెళ్లడం కష్టం, హోల్ కిందికి జారిపోవడమూ అంతే కష్టం. ఎన్-రకం సిలికాన్‌లో ఈ ట్రాప్‌లు దాదాపు అన్నీ ఎలక్ట్రాన్‌తో నిండి, హోల్ కోసం సిద్ధంగా ఉంటాయి. అందుకే లైఫ్‌టైమ్‌ను హోల్ పట్టుబడే వేగమే నిర్ణయిస్తుంది:

```
τ = 1 / (σ · v · N)
```

ఇందులో σ ఒక్కో ట్రాప్ హోల్‌ను పట్టుకునే వైశాల్యం, v హోల్‌ల ఉష్ణ వేగం, N ట్రాప్‌ల సాంద్రత. σ = 5×10⁻¹⁵ చ.సెం.మీ., v = 10⁷ సెం.మీ./సె. అనుకుంటే, ఘన సెంటీమీటరుకు 10¹⁴ బంగారు పరమాణువులున్నప్పుడు τ 0.2 మైక్రోసెకన్లు వస్తుంది. 10¹⁷ ఉంటే 0.2 నానోసెకన్లే.

ల్యాబ్‌లో విద్యార్థులకు నేను దీన్ని 1N4007 డయోడ్‌తోనూ, బంగారం కలిపిన 1N4148తోనూ చూపిస్తుంటాను. డయోడ్‌కు వరుసగా 1 కిలో ఓమ్ పెట్టి, ±5 వోల్ట్‌ల స్క్వేర్ వేవ్ ఇచ్చి, రెసిస్టర్ మీది వోల్టేజీని ఆసిలోస్కోప్‌లో చూడాలి. 1N4007లో వోల్టేజీ దిశ మారిన తరువాత కూడా కరెంటు వెంటనే ఆగదు. కొన్ని మైక్రోసెకన్ల పాటు రివర్స్ దిశలో చదునుగా సాగి, ఆ తరువాత మెల్లగా పడిపోతుంది. మిగిలిపోయిన మైనారిటీ క్యారియర్లు ఖాళీ కావడానికి పట్టే సమయం అది. ఆ చదును భాగం 3 మైక్రోసెకన్లు ఉందనుకుందాం. ఫార్వర్డ్ కరెంటు 4.3, రివర్స్ 5.7 మిల్లీ ఆంపియర్లు కనుక, 3ను ln(1+4.3/5.7) అంటే 0.56తో భాగిస్తే లైఫ్‌టైమ్ ఉజ్జాయింపుగా 5 మైక్రోసెకన్లు అవుతుంది. అదే స్కేలుపై 1N4148లో ఆ చదును కనిపించనే కనిపించదు. దాని రికవరీ 4 నానోసెకన్ల స్థాయిది. దాని జంక్షన్ చిన్నది కావడం కూడా కొంత తోడ్పడుతుంది కాబట్టి, ఘనతంతా బంగారానికే ఇవ్వకూడదు.

ఈ వేగానికి మూల్యం కూడా ఉంది. రివర్స్ బయాస్‌లో క్యారియర్లు లేనిచోట అదే స్థాయి వెనక్కి పనిచేసి ఎలక్ట్రాన్-హోల్ జంటలను పుట్టిస్తుంది కనుక లీకేజీ పెరుగుతుంది, వేడెక్కితే మరింత పెరుగుతుంది. లీకేజీ ముఖ్యమైన పవర్ డయోడ్లలో బంగారానికి బదులు ప్లాటినం వాడేది ఇందుకే: దాని ప్రధాన స్థాయి గ్యాప్ నడిమికి దూరంగా ఉంటుంది.