బోనస్, స్ప్లిట్ రెండూ వచ్చాక అసలు కొనుగోలు ధర ఎలా లెక్కించాలి?

ప్రశ్న: 2021లో బజాజ్ ఫైనాన్స్ షేర్లు కొన్నాను. బ్రోకర్ మారాక యాప్‌లో సగటు ధర తప్పుగా చూపిస్తోంది. పాత కాంట్రాక్ట్ నోట్ ఉంది. లెక్క ఎలా?

నా దగ్గరా ఇవే షేర్లు ఉన్నాయి, లెక్క కాగితం మీదే వేసుకున్నాను. నోట్ ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో ఎన్ని షేర్లు ఎప్పుడు వచ్చాయో ఉంటుంది గానీ ధర ఉండదు.

10 షేర్లు 5,600 చొప్పున కొన్నారనుకుందాం. బ్రోకరేజీ, జీఎస్టీ, స్టాంప్ డ్యూటీ వగైరా 340, ఎస్‌టీటీ 56 కలిపి నోట్ చివర 56,396 ఉంటుంది. పన్ను లెక్కలో ఎస్‌టీటీని కొన్న ధరలో కలపనివ్వరు. అది తీసేస్తే 56,340. చాలామంది నోట్ చివరున్న 56,396నే తీసుకుంటారు, అక్కడ జాగ్రత్త.

2025 జూన్ 16 రికార్డు తేదీతో ముందు స్ప్లిట్ అయింది: 2 రూపాయల ముఖవిలువ 1 అయి, 10 షేర్లు 20 అయ్యాయి. ఆ 20కి ఒక్కోదానికి నాలుగు చొప్పున 80 బోనస్ వచ్చాయి. మొత్తం 100.

56,340ని 100తో భాగిస్తే 563.40. లాభంలో ఉన్నామా లేదా అని చూసుకోవడానికి ఈ సగటు చాలు. పన్నుకు మాత్రం దీన్ని వాడకండి. ఖర్చంతా స్ప్లిట్ అయిన 20 షేర్లదే, ఒక్కోటి 2,817. వాటి కొన్న తేదీ 2021లోదే. స్ప్లిట్‌తో షేరు గుర్తింపు సంఖ్య ఐఎస్ఐఎన్ మారుతుంది కాబట్టి స్టేట్‌మెంట్‌లో 2025లో కొత్తగా వచ్చినట్టు కనిపిస్తాయి, దాన్ని పట్టించుకోవద్దు. 80 బోనస్ షేర్ల ఖర్చు సున్నా, వాటి తేదీ కేటాయించిన రోజు.

డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క. 20 షేర్లు 920 చొప్పున అమ్మితే 18,400 వస్తుంది, అంటే 37,940 దీర్ఘకాలిక నష్టం. సగటుతో వేస్తే అదే అమ్మకం లాభంలా కనబడుతుంది! ఆ నష్టాన్ని దీర్ఘకాలిక లాభంతోనే సర్దుకోవాలి. రిటర్ను గడువులోగా వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. తర్వాత బోనస్ షేర్లు అమ్మినప్పుడు, అమ్మకపు ఖర్చులు పోను వచ్చిందంతా లాభమే.

రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లో కొని, బోనస్ అట్టిపెట్టుకుని అసలువి ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల్లోపు అమ్మినవాళ్లకు ఈ నష్టం చెల్లదు. అది బోనస్ షేర్ల ఖర్చుగా మారుతుంది. మీరు 2021లో కొన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు.

యాప్‌లో సగటు మార్చుకునే చోటు ఉంటే ఒకే 563.40 పెట్టకండి. 20 షేర్లు 2,817తో, 80 షేర్లు సున్నాతో వేరు వేరుగా ఎక్కించండి. నోట్ పీడీఎఫ్ దాచి ఉంచండి, పాత బ్రోకర్ ఖాతా మూసేశాక మళ్లీ దొరకడం కష్టం.