అక్క పెళ్లి ఫొటో కింద రాసే మాటల గురించి

నాయనా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ అక్క, పక్కన మీ కొత్త బావ, ఇద్దరి నవ్వూ చూసి చాలాసేపు ఫోను పక్కన పెట్టలేకపోయాను. దాని కింద పెడదామని నువ్వు రాసుకున్నది కూడా చదివాను. “ఎట్టకేలకు మా అక్క ఓ ఇంటిదైంది. మాకు తగిన బావ దొరికాడు. అక్కను ఇంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.” ఎంత ప్రేమతో రాశావో నాకు తెలుసు. కానీ మూడు వాక్యాలూ మీ అక్క ఎదురుచూసిన ఏళ్ల గురించే చెబుతున్నాయి.

“ఎట్టకేలకు” సంగతి నీకూ అనుమానంగానే ఉందన్నావు, తీసేయి. “మొత్తానికి”, “ఇన్నాళ్లకు”, “హమ్మయ్య”, #Finally అన్నీ దాని చుట్టాలే. “దొరికాడు” అన్న మాట అంతకంటే లోతుగా తగులుతుంది. వెతికితేనే కదా ఏదైనా దొరికేది! ఆ మాట చదవగానే ఎన్ని సంబంధాలు చూశారో అన్న లెక్క మనసులోకి వస్తుంది. ఇక మూడో వాక్యం పొగడ్తలా కనిపిస్తుంది కానీ, నిన్నటిదాకా ఆమె సంతోషంగా లేదని అందరికీ చెబుతుంది. మీ అక్క ఉద్యోగం చేసింది, నిన్ను చదివించింది, స్నేహితులతో కలిసి ఊళ్లు తిరిగింది. ఆ రోజుల్లోనూ ఆమె నవ్వింది, నువ్వే చూశావు.

పెద్ద మాటలు తీసేశాక చిన్నవి మిగిలిపోతాయి. వాటి దగ్గరే నేను పొరపాటు చేశాను. మా తమ్ముడి పెళ్లి ఫొటో కింద “మా తమ్ముడు కూడా ఓ ఇంటివాడయ్యాడు” అని రాశాను. వారం తర్వాత వాడు నెమ్మదిగా అడిగాడు, “అక్కా, ఆ ‘కూడా’ ఎందుకు?” నా దగ్గర జవాబు లేదు. అందరి పెళ్లిళ్లూ అయ్యాయి, వీడొక్కడే మిగిలాడు అన్న అర్థమంతా ఆ చిన్న మాటలో ఉంది. “ఇక”, “ఇప్పుడు”, “అయిపోయింది” కూడా అలాంటివే. “అక్క పెళ్లి అయింది” అంటే వార్త. “అయిపోయింది” అంటే బరువు దిగిందన్న నిట్టూర్పు.

భయపడి మరీ పొడిగా “నూతన దంపతులకు శుభాకాంక్షలు” అని రాయకు. సొంత తమ్ముడు పరాయివాడిలా మాట్లాడితే, ఏదో దాచుతున్నాడనే అనుకుంటారు. సంతోషం నిండుగా ఉండాలి, కానీ అది ఆ రోజులోంచే రావాలి. చిన్నప్పటి జ్ఞాపకంతో మొదలుపెట్టాలని నీకు అనిపిస్తుంది. “నన్ను బడికి తీసుకెళ్లిన అక్క ఈ రోజు పెళ్లికూతురు” అంటే, చదివేవాళ్లు మధ్యలోని ఏళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆ జ్ఞాపకం ఆమెకు రాసే ఉత్తరంలో దాచుకో.

ఆ ఫొటో తీసినప్పుడు ఏం జరిగిందని ఫోనులో అడిగాను గుర్తుందా? ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయారని, ఇద్దరూ ఒకేసారి ఆగి ‘ముందు నువ్వు చెప్పు’ అన్నారని, అప్పుడే నవ్వొచ్చిందని చెప్పావు. నువ్వూ నవ్వడం వల్ల ఫొటో కాస్త కదిలిందన్నావు. నీకు కావలసింది అదే. నేనైతే ఇలా రాస్తాను:

“మా అక్క, మా బావ. ‘ముందు నువ్వు చెప్పు’ అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. తీస్తూ నేనూ నవ్వేశాను, అందుకే ఫొటో కాస్త కదిలింది. నాకు ఇదే కావాలి.”

దీన్ని ఒకసారి పరీక్షించు. చదువు పూర్తికాగానే మొదట చూసిన సంబంధమే కుదిరిన అమ్మాయి ఫొటో కింద ఇవే మాటలు పెట్టి చదువు. ఏ మాటా అతకనట్టు అనిపించకపోతే ఎదురుచూపు వాసన లేనట్టే. నీ మొదటి మూడు వాక్యాలను అలాగే చదివి చూడు, మొదటి మాట దగ్గరే ఆగిపోతావు.

బంధువుల్లో ఎవరో ఒకరు కింద “ఎన్నాళ్లకెన్నాళ్లకు!” అని రాస్తారు. వాదించకు, ఆ మాట తిరిగి అనకు. “మీ ఆశీస్సులకు సంతోషం” అని రాసి ఊరుకో. మరీ నొప్పించేలా ఉంటే మీ అక్క చూడకముందే తీసేయి.

పెట్టే ముందు ఆమెకు ఒకసారి చూపించు. “ఇందులో నిన్ను బాధపెట్టే మాటేమైనా ఉందా?” అని మాత్రం అడగకు, ఆ ప్రశ్నే అన్నీ గుర్తుచేస్తుంది. “ఫొటో కదిలింది, అయినా ఇదే పెట్టనా?” అని అడుగు.

ప్రేమతో,
మీ మేనత్త